శాలువా కప్పే ముందు

మొన్న నిజామాబాద్‌లో ఒక రిటైర్మెంట్ ఫంక్షన్‌కు పోయిన. మైకు పట్టినోళ్లంతా "సార్ చాలా మంచోరు, అజాతశత్రువు" అన్నరు. ఒకాయన అయితే తన ప్రమోషన్ ముచ్చటే చెప్పి దిగిండు. సార్ ఏం పని చేసిండో నాకు సమజే కాలే. తెర మీద ఫొటోలు మాత్రం మస్తు తిరిగినయి.

మా రోజుల్లో బోధన్ శక్కర్‌నగర్‌లో, 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో, వీడ్కోలు సభకు ముందు మాకు క్యాంటీన్‌లో పంచాయితీ నడిచేది. ఏ ముచ్చట చెప్పాలె, ఏది మింగాలె అని.

ఒక పాన్‌మ్యాన్ దిగిపోయేటప్పుడు మా దగ్గర నాలుగు ముచ్చట్లున్నయి. మొదటిది కల్లు దుకాణం ముచ్చట. అందరూ పడిపడి నవ్వేదే, కానీ ముందు వరుసల ఆయన కొత్త అల్లుడు కూసుంటడు. తీసేసినం. రెండోది సమ్మె ముచ్చట. హాల్లో రెండు యూనియన్లోళ్లూ ఉంటరు, సభ అక్కడనే చీలుతది. వద్దనుకున్నం. మూడోది తోటి కార్మికుడి బిడ్డ పెండ్లికి అప్పుకు జామీను నిలబడ్డది. మంచి పనే, ఎవరు కాదంటరు? కానీ చెప్తే ఈయనకు చప్పట్లు, అప్పు తీసుకున్నాయనకు తలవంపులు. ఇది వదులుడే మాకు కష్టమైంది.

మిగిలింది ఒక రాత్రి షిఫ్టు ముచ్చట. పాన్‌ల చక్కెర పలుకు కడుతున్నది. పాకం చిక్కదనం హద్దు దాటితే, పెరుగుతున్న పలుకుల నడుమ కొత్తగా సన్నపలుకు పుడతది. మషీన్‌ల తిప్పేటప్పుడు అది జాలీకి అడ్డం పడతది, మడ్డి సరిగ దిగదు. కొత్తగా వచ్చిన కెమిస్టు "అయిపోయింది, దింపుదం" అన్నడు. ఈయన మాట్లాడలే. నమూనా తీసి గాజు పలక మీద పూసి, బల్బుకు ఎదురుగ పట్టిండు. పెద్ద పలుకుల మధ్య దుమ్ము లెక్క సన్నపలుకు కనబడ్డది. కొంచెం వేడినీళ్లిచ్చి దాన్ని కరిగించి, మళ్ల పాకం పట్టిండు. పొద్దున రిజిస్టర్‌ల కెమిస్టు తప్పు రాయలే, ఎవలకూ చెప్పలే.

ఆ కెమిస్టు సభ నాటికి ఆఫీసరై వేదిక మీదనే ఉన్నడు. అందుకే ముచ్చట ఉంచినం, "కొత్త కెమిస్టు" అనే మాట తీసినం. "ఒక రాత్రి సన్నపలుకు పుట్టింది" అని మాత్రమే చెప్పాలె అనుకున్నం. చెప్పేటోడు కూడ ఆ రాత్రి పాన్ దగ్గర ఉన్నోడే ఉండాలె. విన్న ముచ్చటయితే వేడినీళ్లు పోయి, మాటమాటకూ మహిమలు వస్తయి.

చెప్పుడు అయిపోంగనే ఆఫీసరు తనే మైకు గుంజుకున్నడు. "ఆ పాన్ దింపుమన్నది నేనే" అన్నడు. హాలంత గొల్లుమన్నది. ఆ ముక్క ఆయన నోట్లనుంచి వస్తేనే అందం. మేము చెప్పుంటే చాడీ అయ్యేది.

2002ల ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌ల లేఆఫ్ నోటీసు పడ్డది. నోటీసు కాయితంల ముచ్చట్లు ఏరుకునే పనే లేదు. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లల్ల టైమున్నది, మైకున్నది, బిర్యానీ ఉన్నది. అయినా గాజు పలక మీద పూసి చూసేటోడు లేక, "మంచోరు, మంచోరు" అనుకుంట చేతులు కడుక్కుంటున్నరు.