అన్ని రకాల ఆల్టరేషన్లు

"గౌరవనీయులైన అపార్ట్‌మెంట్ నివాసులకు నమస్కారములు. మీ బట్టలను మీ గుమ్మం దగ్గరే సరిచేసి ఇచ్చే సదుపాయాన్ని అనంతపురంలో మొట్టమొదటిసారిగా మీ ముందుకు తెస్తున్నాము. అన్ని రకాల ఆల్టరేషన్లు. 24 గంటల్లో. ఏదైనా 80 రూపాయలే. వచ్చే ఆదివారం ఉదయం 9 గంటలకు మా మిషను మీ వరండాలో ఉంటుంది."

ఈ ఉత్తరం రాసింది నేనే. రాసి, మా అబ్బాయి చేత అచ్చు వేయించి, కింద మా బొటిక్ పేరు బంగారు రంగులో పెట్టించి, ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారి చేతికి ఇచ్చి వచ్చాను. ఇందులో నిజమైన మాట నమస్కారములు ఒక్కటే. "మొట్టమొదటిసారిగా" అన్నదీ అబద్ధమే. సైకిలు వెనక మిషను కట్టుకుని వీధివీధి తిరిగి చిరుగులు కుట్టే ముసలాయనను పాతూరులో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదాన్ని నేను.

ఉత్తరం రాయడానికి కారణం లేకపోలేదు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, అదీ పడితే. వేరుశనగ చేతికి రాని ఏడు టౌనులో బొటిక్ నడిపేవాళ్లకూ తెలిసిపోతుంది. కొత్త జాకెట్ల సంచులు తగ్గుతాయి, "ఇది కొంచెం లూజు చేసివ్వక్కా" అని పాత జాకెట్లు వస్తాయి. ఆ పాత జాకెట్లే పట్టుకుని అపార్ట్‌మెంటు మెట్లెక్కితే సరిపోతుంది కదా అనుకున్నాను. ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనను. రాసిన తీరే తప్పు.

సెక్రటరీ గారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి అడిగారు. "ఏమ్మా, అన్ని రకాలూ అంటివి. జాకెట్టు లోపల గుడ్డ లేకుంటే ఏం చేస్తావు?" ఆయన భార్య దగ్గర విన్న మాట అయి ఉంటుంది. నేను నవ్వి, "చూసుకుంటాం సార్" అన్నాను. ఆ ప్రశ్నకు అప్పుడే జవాబు ఆలోచించి ఉంటే ఒక పట్టు జాకెట్టు బతికిపోయేది.

ఆదివారం నాలుగో అంతస్తు నుంచి ఒకావిడ దాన్ని తెచ్చారు. ధర్మవరం పట్టుచీరలోని జాకెట్టు ముక్క, చేతులకు జరీ అంచు, లోపల లైనింగ్. పెళ్లినాటిది. ఛాతీ 36 అంగుళాలు ఉంది, ఇప్పుడు 39 కావాలి. పైపైన చూసి "అయిపోతుందమ్మా" అన్నాను. దాన్ని లోపలివైపుకు తిప్పి చూడలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ చేయకూడని పని అది. వరండాలో నలుగురు చూస్తుంటే తడుముకోవడం చిన్నతనమనిపించింది.

ప్రక్క కుట్టు విప్పితే లోపల అర అంగుళమే ఉంది. లెక్క చూడండి. జాకెట్టుకు రెండు ప్రక్కలు, ఒక్కో ప్రక్కకు ముందు ముక్క, వెనక ముక్క. అంటే నాలుగు అంచులు. ఉన్న అర అంగుళంలో కనీసం పావు అంగుళం కుట్టు పట్టుకోవడానికి వదలాలి. మిగిలిన పావు నాలుగు అంచుల్లోనూ వదిలితే మొత్తం వచ్చేది ఒక్క అంగుళం. ఆమెకు కావలసింది మూడు. అదే అర బదులు అంగుళం గుడ్డ ఉండి ఉంటే ముప్పావు చొప్పున నాలుగింట మూడు వచ్చేవి, నా పరువు దక్కేది. పాత దర్జీలు లోపల అంగుళం వదలందే జాకెట్టు కుట్టేవారు కాదు.

అదీగాక ప్రక్క కుట్టు నడుము నుంచి చంక దాకా వచ్చి ఆగిపోదు. చంక దాటి చేతి లోపలి కుట్టుగా మణికట్టు వైపు పోతుంది. ఒంటిని వదిలి చేతిని వదలకపోతే చంక గుండ్రం పెద్దదవుతుంది, చేయి చిన్నదిగానే ఉంటుంది. రెండూ కలిపి కుడితే ముడతలు పడి, చేయి ఎత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. పైగా చంక దగ్గర గుడ్డను దర్జీలు వంపు కోసం కత్తిరించి ఉంటారు, అందుకే అక్కడ ఎప్పుడూ తక్కువే ఉంటుంది. కాబట్టి కొలవాల్సింది నడుము దగ్గర కాదు, చంక దగ్గర. అక్కడ ఎంత ఉంటే అంతే ఆ జాకెట్టు వదిలేది.

ఇవన్నీ తెలిసీ ఏం చేశాను? ఉన్న అంగుళమన్నా వదిలి, తక్కువైన రెండు అంగుళాలకు ప్రక్కన సన్న పట్టీ వేద్దామని, పాత కుట్టు పూర్తిగా ఊడదీసి పావు అంగుళం బయటికి జరిపి కుట్టాను. ఇస్త్రీ చేసి తిప్పి చూస్తే గుండె జారింది. పాత కుట్టు తాలూకు సూది రంధ్రాలు చీమల బారులా నిలువునా కనపడుతున్నాయి. నూలు గుడ్డయితే నీళ్లలో పెట్టి తీస్తే దారాలు సర్దుకుని రంధ్రాలు చాలావరకు పూడుకుంటాయి. పట్టు అట్ల మరచిపోదు. అంతేకాదు, ఇన్నేళ్లూ లోపల దాగిన గుడ్డ ముదురు రంగులో ఉంది, బయట వెలిసింది. ఆ తేడా మరో గీత.

దారి ఒకటుంది, అది ముందే తోచాల్సింది. లోపలి గుడ్డను ముట్టుకోకూడదు. పాత కుట్టు ఎక్కడుందో సరిగ్గా ఆ గీత మీదే కొత్త పట్టీని కలపాలి. అప్పుడు రంధ్రాలన్నీ కుట్టులోనే దాక్కుంటాయి, వెలవని రంగూ లోపలే ఉండిపోతుంది. ఒక్కో ప్రక్కకు పైకి కనపడే వెడల్పు ఒకటిన్నర అంగుళం, రెండు వైపులా కుట్టుకు పావు చొప్పున, మొత్తం రెండు అంగుళాల పట్టీ కత్తిరించాలి. నడుము నుంచి చేతి చివర దాకా ఒకే పట్టీ సాగాలి, లైనింగుకూ అంతే. రంగు కలిసే సాదా పట్టు దొరికితే చేయి దించినప్పుడు అది ఎవరికీ కనపడదు. చివరికి అలాగే చేసిచ్చాను. ఆవిడ తొడుక్కుని చూసి "బాగానే ఉందమ్మా, కానీ పట్టీ వేస్తానని ముందే చెప్పి ఉంటే బాగుండు" అన్నారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

80 రూపాయలకు ఆ పని చేశాను. ఇది రెండో తెలివితక్కువతనం. లైనింగ్ ఉన్న జాకెట్టులో విప్పడమే సగం పని, పట్టు పీలికలు లేవకుండా ఒక్కో కుట్టూ కోసి తీయాలి. అన్నింటికీ ఒకటే ధర అని రాసేసరికి ఏమైందంటే, ప్యాంటు పొడవు తగ్గించుకోవాల్సినవాళ్లు వీధి చివర ఇంకా తక్కువకే చేస్తారని పెద్దగా రాలేదు. చుడీదార్‌కు జిప్పు మార్చడం, లైనింగ్ జాకెట్లు, జీన్సు నడుము, ఇలాంటి మొండి పనులన్నీ నా వరండాకు నడిచొచ్చాయి. జీన్సు అంటే మా రాయదుర్గం వైపు కుట్టే పని. దానికి 16 నంబరో 18 నంబరో సూది కావాలి. పట్టుకు వేసిన 11 నంబరు సూదితోనే తొందరలో జీన్సు మడత మీద తొక్కాను. ప్రక్క కుట్లు కలిసే లావు చోట సూది విరిగి, ముక్క ఎటు ఎగిరిందో దొరకక, పిల్లలు తిరిగే వరండా అంతా అయస్కాంతంతో వెతికాను.

మిషను సంగతి ఎక్కువ చెప్పను. వరండాలోని ప్లగ్గు అందరి ఉమ్మడి మీటరు మీద నడుస్తుందని నాకు తోచలేదు, ఒకాయన వచ్చి తోచేలా చేశారు. 9 గంటలు నీళ్ల ట్యాంకర్ వచ్చే వేళ అనీ తెలియదు. జాకెట్టు చేత్తో పట్టుకుని నిలబడిన ఆడవాళ్లు హారన్ వినపడగానే మాయమయ్యారు. కొలతల విషయం మాత్రం చెప్పాలి. లిఫ్టు ఎదురుగా, వచ్చేపోయేవాళ్ల మధ్య టేపు తీసి ఒకమ్మాయి ఛాతీ కొలవబోయాను. ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసి "ఆంటీ, వద్దులే" అంది. నిజానికి టేపు అక్కర్లేదు. ఇప్పుడు సరిపోతున్న జాకెట్టు ఒకటి ఆదిగా ఇమ్మంటే చాలు, దాన్ని బల్ల మీద పరిచి ఒంటి కన్నా బాగా కొలవొచ్చు.

24 గంటల మాట వల్ల ఒక కుర్రాడి ప్యాంటు పోయింది. కొత్త నూలు ప్యాంటు, పొడవు 40 అంగుళాలు. మడమ దాకా సరిచూసి, మిగిలింది కత్తిరించి పారేశాను. తొలి ఉతుకులో నూలు గుడ్డ నూటికి 3 నుంచి 5 వంతులు కుంచించుకోవచ్చు. 3 వేసుకున్నా 40కి అంగుళం పైనే. ఉతికాక చీలమండ బయటపడింది. ఒకసారి ఉతికి తెమ్మని అడిగితే రెండు రోజులు ఎక్కువయ్యేది, అంతే. కత్తిరించకుండా రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టినా తప్పు దిద్దుకునే వీలుండేది.

తెల్ల స్కూలు చొక్కాలు రెండిళ్లవి తారుమారైన కథ వదిలేస్తున్నాను. కాగితం చీటీ గుండుసూదితో గుచ్చితే ఇస్త్రీ బల్ల మీద ఊడిపోతుంది. ఇంటి నంబరు గుడ్డ ముక్క మీద రాసి కుట్టు వేయాలి.

మళ్లీ ఉత్తరం రాశాను. ఈసారి తెల్లకాగితం మీద చేత్తోనే. మిషను తేను. బట్ట మీ గుమ్మం దగ్గర తీసుకుని, మీ ముందే లోపలివైపుకు తిప్పి, చంక దగ్గర గుడ్డ ఎంతుందో కొలిచి, ఎంత వదులుతుందో అంకె చెప్తాను. చాలకపోతే పట్టీ వేయాలా వద్దా మీరే చెప్పండి. నూలు బట్ట ఒకసారి ఉతికి ఇవ్వండి. ఆది జాకెట్టు ఒకటి జత చేయండి. భుజం, మెడ బిగుతుగా ఉన్నవి తీసుకోను, అక్కడ వదలడానికి గుడ్డ ఉండదు. హుక్కులు, ఊడిన అంచులు, గుండీలు మాత్రం అక్కడికక్కడే చేత్తో కుడతాను. ధర పనిని బట్టి, విప్పకముందే చెప్తాను. నాలుగు రోజులు.

సెక్రటరీ గారు చదివి పెన్ను తీశారు. "విప్పినాక ఆమె వద్దంటే?" అన్నారు. విప్పిన కూలి సగం తీసుకుని పాత కుట్టు మీదే మళ్లీ కుట్టిస్తానన్నాను. "నువ్వే పాడు చేస్తే?" దానికి కాసేపు ఆలోచించాను. జాకెట్టు ఖరీదు కట్టిస్తానని రాస్తే ఒక్క ధర్మవరం పట్టుతో నా నెల పోతుంది. రాయకపోతే ఎవరూ ఇవ్వరు. పట్టు, జరీ బట్టలు గుమ్మం దగ్గర తీసుకోను, వాళ్లే కొట్టుకు తెచ్చి, నేను ఏం చేయబోతున్నానో చూసి ఇవ్వాలని రాయమన్నాను. మిగతావాటికి గుడ్డ ఖరీదు నాదే. ఆయన ఆ రెండు వాక్యాలూ తన చేత్తోనే కింద చేర్చి, నేను పాత ఉత్తరం నుంచి అలాగే దించిన "ఆదివారం 9 గంటలకు" అన్నది కొట్టేసి 11 చేశారు. వాచ్‌మన్ గది ప్రక్కన బల్ల వేసుకోవడానికి ఒక నెల ఒప్పుకుంటున్నామని, కరెంటు వాడకూడదని కమిటీ రాసిచ్చింది.