ఇద్దరితో రాజీనామా

కాసిపేట దగ్గరి ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టి తీసే పని కాంట్రాక్టర్లది. టిప్పర్లు నడిపేవాళ్లలో ఊరివాళ్లూ ఉంటారు, బీహార్, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. ఓ రోజు లోడింగ్ దగ్గర వరుస కోసం ఇద్దరు డ్రైవర్లు కాలర్లు పట్టుకున్నారు. ఒకడు ఝార్ఖండ్ మనిషి, ఇంకొకడు ఊరివాడు. యూపీ నుంచి వచ్చిన మేనేజరు ఆ రోజు క్యాంపులో లేడు. ఫోన్లోనే సంగతి విని, "దోనోంసే రాజీనామా లిఖ్‌వా లో" అన్నాడు.

సూపర్‌వైజరుకు హిందీ బాగానే వచ్చు. అవసర్ అంటే అవకాశమనీ, శిక్షా అంటే చదువనీ తెలిసినవాడు. రాజీనామా దగ్గర మాత్రం అనుమానం రాలేదు. 'సొంత కారణాల వల్ల పని మానుకుంటున్నాను' అని తెలుగులో రెండు కాగితాలు రాసి ముందు పెట్టాడు.

"యే క్యా హై?" అన్నాడు ఝార్ఖండ్ డ్రైవర్.

"రాజీనామా."

అతని ముఖం వికసించింది. గబగబా సంతకం చేసి, ఇందాక కొట్టబోయినవాడిని కౌగిలించుకున్నాడు.

"నౌకరి పోతుంటే నవ్వుతడేందే వీడు!" అని బిత్తరపోయాడు రెండోవాడు. సంతకం పెట్టకుండా నేరుగా యూనియన్ ఆఫీసుకు నడిచాడు.

రాజీ అంటే పార్శీలో సమ్మతి, నామా అంటే పత్రం. హిందీ రాష్ట్రాల ఠాణాల్లో, కోర్టుల్లో తగాదా పడ్డవాళ్లు 'ఇక మాకు గొడవ లేదు' అని రాసిచ్చే కాగితమే రాజీనామా. దక్షిణాదిన కథ వేరే. రైతు తన భూమిని ఇష్టపూర్తిగా వదులుకుంటూ సర్కారుకు రాసిచ్చే పత్రాన్ని అలా పిలిచేవారు. అలా వదులుకోవడమనే అర్థం తెలుగులో, కన్నడంలో, మరాఠీలో నిలబడి కొలువుకు అంటుకుంది. చిక్కేమిటంటే, ఉత్త 'రాజీ' మనకూ సంధే. నామా తగిలిస్తేనే కూడు పోతుంది.

తెల్లారి ఫస్ట్ షిఫ్టుకు వచ్చిన ఝార్ఖండ్ డ్రైవరుకు మస్టర్ పడలేదు. సాయంత్రం మేనేజరు దిగాడు. ఇద్దరూ కలిసిపోయారా అని అడిగితే, సూపర్‌వైజరు గర్వంగా కాగితం చూపించి, "ఒకడిని పంపించేశాం సార్. ఇంకొకడు యూనియన్‌కు పోయిండు" అన్నాడు.

మేనేజరు ఆ కాగితం చదివించుకున్నాడు. డ్రైవరును పిలిపించి పనిలో పెట్టుకున్నాడు. తర్వాత ఓ తెల్ల కాగితం సూపర్‌వైజరు ముందుకు తోసి, "ఇస్తీఫా లిఖో" అన్నాడు.

నిజాం రాజ్యంలో ఉర్దూ దఫ్తర్లు నడిచిన నేల ఇది. ఆ మాటకు ఇక్కడ ఎవరికీ తర్జుమా అక్కర్లేదు.