లెదర్ జాకెట్‌ని ఒక్క వానాకాలంలో వదిలించుకునే చిట్కాలు

అసలైన లెదర్ జాకెట్ కాస్త చూసుకుంటే ఏళ్ల తరబడి మన్నుతుంది. అన్నాళ్లూ ఒక్కదాన్నే ఎవరు వేసుకుంటారు? ఇంట్లోవాళ్ల చేత కొత్తది కొనిపించాలంటే పాతది దానంతటదే పోయినట్టు కనపడాలి. ఇలా చేయండి.

1. లైనింగు దాకా నానబెట్టండి. మబ్బు పట్టగానే జాకెట్ వేసుకుని బండి తీయండి. రెయిన్‌కోటు డిక్కీలోనే ఉండనివ్వండి. తోలు తయారుచేసేటప్పుడు దాని పీచుల మధ్యకు నూనె ఎక్కిస్తారు. ఆ నూనె ఉన్నంతకాలం పీచులు జారుతూ తోలు మెత్తగా వంగుతుంది. లోపలికి దిగిన నీళ్లు ఆరుతూ ఆ నూనెను చెదరగొడతాయి, పీచులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నాలుగు చినుకులతో ఆగిపోకండి. అవి పొడిగుడ్డకే పోతాయి.

2. వేడి పెట్టి ఆరబెట్టండి. నీడలో, గాలి తగిలేచోట ఒకట్రెండు రోజులు వదిలేస్తే జాకెట్ బతికిపోతుంది. అంత ఓపిక మనకెందుకు? హెయిర్ డ్రయ్యర్‌ని మోచేతి దగ్గర ఆనించి పట్టుకోండి. పొడి తోలుకన్నా తడి తోలు తక్కువ వేడికే ముడుచుకుంటుంది. ఆరాక చెయ్యి మడవండి. అప్పడంలా బిరుసెక్కి, మడతలో సన్నని గీతలు పడితే పని మొదలైనట్టే.

3. గీతలు పడ్డాక కొబ్బరినూనె పట్టించండి. లెదర్ కండిషనర్ అయితే కొద్దిగా గుడ్డకు అద్ది పల్చగా రాయాలి, అదీ గీతలు పడకముందే. అదంతా శ్రమ. అరచేతి నిండా నూనె పోసి రుద్దేయండి. మరకలు తేలతాయి, దుమ్ము పడుతుంది. తెగిన పీచును మాత్రం ఏ నూనే అతకదు.

4. సన్నని తీగ హ్యాంగర్‌కి తగిలించండి. భుజమంత వెడల్పున్న చెక్క హ్యాంగర్ బరువును పంచేస్తుంది. తీగ అయితే బరువంతా రెండు చోట్లే పడుతుంది. తడిగా ఉండగానే తగిలిస్తే భుజాల మీద రెండు బొడిపెలు లేచి అలాగే ఉండిపోతాయి.

5. ప్లాస్టిక్ కవర్లో బిగించి బీరువాలో పడేయండి. నూలుగుడ్డ కవరైతే గాలి ఆడుతుంది. ప్లాస్టిక్‌లో మిగిలిన చెమ్మ బయటికి పోదు. కొన్ని వారాల్లో కాలరు మీద తెల్లని బూజు, తీస్తే ముక్క వాసన. బీరువా తెరిచి చూడాల్సిన పని కూడా ఉండదు.

6. సాకు సిద్ధంగా ఉంచుకోండి. "షాపువాడు రెగ్జిన్ అంటగట్టాడు" అనండి. అయితే పగులు దగ్గరగా చూపించకండి. రెగ్జిన్ అయితే పైపొర ఊడి కింద గుడ్డ కనపడుతుంది. అసలు తోలు పగిలితే లోపల పీచు కనపడుతుంది. తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు.

ఇవన్నీ చేశాక బాగుచేయించమని ఎవరైనా అంటే కంగారుపడకండి. పగుళ్లలో ఫిల్లర్ నింపి రంగు వేసి కప్పగలరే గానీ పీచును మళ్లీ కలపలేరు. నిశ్చింతగా కొత్త జాకెట్ ధర కనుక్కోండి.