ఒత్తుల ఉచిత పంపిణీ

భ, ధ, ఘ వంటి ఒత్తక్షరాలు అచ్చతెలుగు సొత్తు కావు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలే వాటిని వెంట తెచ్చాయి. ముద్దనూరుకు దగ్గరలోని కలమళ్లలో, సుమారు 575 నాటి తెలుగు శాసనంలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది. ‘ముత్తు’కు ఒత్తక్షరం అక్కరలేదు, ‘ధనంజయ’కు కావాలి. రాతి మీద ఒక్కో గీతకూ ఉలి దెబ్బలు పడతాయి కనుక శిల్పికి పొదుపు తెలుసు.

ఫ్లెక్సీ మీద గీత ఖర్చులేనిది. అందువల్ల అదే సీమలో ఇప్పుడు ‘భంధువులు’ పెళ్లికి వస్తారు, అయ్యవార్లు ‘భోధన’ చేస్తారు, జనం ‘భాధ’ పడతారు. ఒత్తు పెడితే మాటకు గౌరవం, రెండు పెడితే రెట్టింపు గౌరవం అన్నది ఇందులోని సిద్ధాంతం. బ, భలు చాలామంది నోట ఒకేలా పలుకుతాయి కనుక చెవి అడ్డు చెప్పదు. ద అడుగున చిన్న గీత గీస్తే ధ, బకు ఆ గీతతో పాటు తలకట్టూ పెడితే భ అవుతాయి కనుక చేయీ ఆగదు. ఘ రూపం గ కంటే పూర్తిగా వేరు కాబట్టి దానికి ఈ సన్మానం కాస్త తక్కువ. అయినా ‘గాఢం’ అప్పుడప్పుడు ‘ఘాఢం’ అవుతూనే ఉంటుంది.

సంస్కృతం మాత్రం ఇంత ఉదారం కాదు. ఒకే ధాతువులో పక్కపక్క అక్షరాల్లో రెండు ఒత్తులుంటే మొదటిది జారిపోతుంది. భయానికి మూలమైన ‘భీ’ని రెట్టిస్తే ‘భిభేతి’ కాదు, ‘బిభేతి’ అవుతుంది. ఈ సూత్రాన్ని 1863లో హెర్మన్ గ్రాస్మన్ వివరించాడు. ‘బాధ’ను దీనితో తూచవచ్చు. చివర ధ ఉంది కాబట్టి మొదట భకు చోటు లేదు. బంధువు, బోధన, గాఢం, దృఢం, సందర్భం అన్నిటిదీ ఇదే లెక్క. బోధనకు ‘బుధవారం’ కూడా సాక్ష్యం చెబుతుంది. రెండూ ఒకే ధాతువు పిల్లలు. ‘భుధవారం’ సెలవని మాత్రం ఎవరూ బోర్డు పెట్టరు.

సమాసానికి ఈ కట్టడి లేదు. ‘భూభాగం’లో రెండు మాటలున్నాయి, ఎవరి ఒత్తు వారిది. ద్ధ, బ్ధ, ద్భ వంటి జంటల్లో ఒత్తు రెండో హల్లుకే దక్కుతుంది. అందుకే బుద్ధి, లబ్ధి, అద్భుతం. ‘అధ్బుతం’లో అద్భుతమేమీ లేదు.

ఒకే ఒత్తు దగ్గర అనుమానం వస్తే ఈ సూత్రం చాలదు, చుట్టాలను విచారించాలి. ‘విధ్య’ అని రాసేవారికి వేదం, విద్వాంసుడు అడ్డుపడతారు. ఆ రెంటిలోనూ ఉన్నది దకారమే. ‘అర్థి’ అంటే కోరేవాడు, ‘అర్ధం’ అంటే సగం. విద్యను కోరేవాడు విద్యార్థి. ‘విద్యార్ధి’ అని బోర్డు పెట్టిన బడి, తాను నేర్పేది ఎంతో ముందే ఒప్పుకున్నట్టు.