ఎండీగారికి ఒక నోట్

ఎండీగారు రేపు బేరానికి వెళ్తున్నారంటే ఇవాళ నాకు శివరాత్రే. మాదాపూర్‌లో మా ఆఫీసు పదివేల చదరపు అడుగులు, అడుగుకి అద్దె 55 రూపాయలు. లీజు గడువు ముగుస్తోంది, ఓనరు 70 అంటున్నాడు. ‘‘ఓ నోట్ రాసి పడెయ్యవయ్యా’’ అన్నారు.

పధ్నాలుగు పేజీలు రాసి పడేశాను. ‘పూర్వాపరాలు’ అంటూ కంపెనీ పుట్టుక దగ్గర్నించి ఎత్తుకున్నాను. పుట్టించింది ఎండీగారి నాన్నగారే అన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఓనరు గురించి మాత్రం పేరూ, ఫోన్ నంబరూ. పై రెండంతస్తులు ఏడాదిగా ఖాళీ అనీ, మా అద్దె చూపించే ఆయన బ్యాంకు అప్పు తెచ్చాడనీ వాచ్‌మన్‌కి తెలుసు, నా నోట్‌కి తెలీదు.

తర్వాత ‘మార్గాలు’. ఒకటి, ఆయనడిగింది ఇచ్చేయడం. మూడు, రేపే రోడ్డున పడటం. రెండోది నాక్కావలసింది. అటూ ఇటూ దిష్టిబొమ్మల్ని నిలబెట్టి నడుమ పెళ్లికొడుకుని కూర్చోబెట్టడం మా నోట్ రాతగాళ్ల కులవిద్య.

ఎండీగారు మూడో పేజీలోనే ఆపి, ‘‘ఒప్పుకోకపోతే ఖాళీ చేసి పోతాం, అంతేగా?’’ అన్నారు. అప్పుడుగానీ అసలు లెక్క వెయ్యలేదు. పక్కవీధిలో అద్దె 60. కానీ అక్కడ క్యాబిన్లు, వైరింగు, ఏసీలు పెట్టించాలంటే అడుగుకి 1,500 ఖర్చు. అయిదేళ్లకి, అంటే 60 నెలలకి పంచితే నెలకి 25. అంటే ఆ అరవై మనకి పడేది 85! పోతాం పోతాం అనే మాటలో దమ్మెంతో తేలిపోయింది.

ఓనరు వైపు నుంచీ వేశాను. మనం పోతే చోటు ఆర్నెల్లు ఖాళీ అనుకుందాం. తర్వాత 60కే ఇచ్చినా 60 నెలల్లో వచ్చేది 54 నెలల అద్దే. సగటున అడుగుకి 54. ఈలోగా బ్యాంకు వాయిదా ఆగదు. అంటే ఆయనకి మనం ఎంత అవసరమో మనకి ఆయన అంతకన్నా ఎక్కువ అవసరం. ఈ నిజం రాయడానికి చెయ్యి రాలేదుగానీ, రాశాను.

రెండోసారి నోట్ ఒక్క పేజీ. ముందు సిఫార్సు: 55తో మొదలెట్టండి, 62కి తెగ్గొట్టండి, బదులుగా అయిదేళ్లు కదలమని లాకిన్ ఇవ్వండి, బ్యాంకుకి చూపించుకోవడానికి ఆయనకి కావలసింది అదే. కింద, ఎట్టి పరిస్థితుల్లోనూ 66 దాటొద్దని రాసి, ఎండీగారికి చత్వారం కదా అని ఎర్రసిరాతో సున్నా చుట్టాను.

ఎండీగారు ఆ కాగితాన్ని ఓనరు ఎదుట బల్లమీద పరిచి, పైన సెల్‌ఫోన్ బరువు పెట్టి, కాఫీ అందుకున్నారు. ఓనరుకి తలకిందుల రాత చదవడం వచ్చు.

అగ్రిమెంటు 66కి అయింది. ఆఖరి అంకె ఇప్పుడు నేను కాగితం మీద పెట్టడం లేదు, లిఫ్టులో చెవిలో చెబుతున్నాను.