దుమ్ము పన్ను వేయబోయే కమిటీకి కొన్ని భద్రమైన చిట్కాలు

జగ్గయ్యపేట, నందిగామ మెట్టల్లో నేల కింద సున్నపురాయి, నేల మీద పత్తీ మిర్చీ. రాయి కోసం జయంతిపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. సిమెంటు దుమ్ము ఆకు మీద పడి, రాత్రి మంచుకి తడిసి, పొద్దునకల్లా పెచ్చు కడుతుంది. ఆ నష్టం రైతుదేగానీ ఫ్యాక్టరీ ఖర్చుల పద్దులో కనబడదు. దాన్ని పన్నుగా మార్చి ఫ్యాక్టరీ పద్దులోనే రాయించమని పిగూ అనే ఇంగ్లీషాయన 1920లో రాశాడు. మీ కమిటీకి ఆ పని పడితే ఏం చేయాలో చెబుతాను. అంకెలన్నీ నేను కల్పించినవే, ఏ కంపెనీవీ కావు.

ఒక ఫ్యాక్టరీ రోజుకు 5 వేల టన్నులు చేస్తోందనుకోండి. అక్కడ ఆఖరి టన్ను కొనేవాడికి 4,000 రూపాయల విలువ చేస్తుంది, ఫ్యాక్టరీకి అయ్యే ఖర్చూ 4,000. అందుకే అక్కడ ఆగింది. ఆ ఆఖరి టన్ను దుమ్ముతో పొలాలకు జరిగే నష్టం మాత్రం 750. అంటే సమాజానికి 4,750 ఖర్చయ్యే సరుకు 4,000 విలువకు తయారవుతోంది.

మొదటి చిట్కా: ఫ్యాక్టరీ మూయించేయండి. దుమ్ము సున్నా, చప్పట్లు బోలెడు. తొలి టన్నుల విలువ 6,000 దాకా ఉంటుందనీ, ఖర్చు 3,000 దగ్గర మొదలవుతుందనీ, వాటి దుమ్ము నష్టం దాదాపు ఏమీ ఉండదనీ ఎవరైనా గొణిగితే పట్టించుకోకండి. లెక్క కడితే, దుమ్ము నష్టం పోగా కూడా ఈ ఫ్యాక్టరీ రోజుకు 56.25 లక్షల నికర లాభం సమాజానికి ఇస్తోంది. మూసేస్తే అదంతా పోతుంది. పన్ను సరిగ్గా వేస్తే పెరిగేదా, 3.75 లక్షలు. అంత చిన్న మొత్తం కోసం పెన్సిలు చెక్కుకోవడం ఎందుకు?

మూయించే ధైర్యం లేకపోతే, నేటి నష్టం కొలిచి అదే పన్ను వేయండి: టన్నుకు 750. న్యాయంగా వినిపిస్తుంది, పైగా కొలిచిన అంకె. ఇక్కడే చాదస్తపు ఎకనామిక్స్ మాస్టారొకరు అడ్డుపడతారు. పన్ను పడగానే ఉత్పత్తి తగ్గుతుంది, దాంతో ఆఖరి టన్ను చేసే నష్టమూ తగ్గుతుంది, కాబట్టి కొలవాల్సింది చేరబోయే చోటనే అంటాడాయన. 4 వేల టన్నుల దగ్గర కొనేవాడి విలువ 4,400, ఫ్యాక్టరీ ఖర్చు 3,800, దుమ్ము నష్టం 600. 3,800కి 600 కలిపితే 4,400: విలువా సమాజం ఖర్చూ సమానం. పన్ను 600. మీ 750 వేస్తే ఉత్పత్తి 3,750 టన్నులకు పడిపోతుంది. అక్కడ ఇంకో టన్ను చేస్తే విలువ 4,500, దుమ్ముతో కలిపి ఖర్చు సుమారు 4,312. చేయదగ్గ టన్నును మీరే ఆపేసినట్టు. బోర్డు మీద రెండు గీతలు కలిసిన చోటు చూపించబోతే ఆయన్ని టీకి తీసుకెళ్ళండి.

దీనికి ఎదురు చిట్కా కూడా ఉంది, యాజమాన్యానికి మరీ ప్రీతి. మొత్తం నష్టం 18.75 లక్షలు, దాన్ని 5 వేల టన్నులతో భాగించి 375 వేయండి. సగటుకు ఎవరు అడ్డు చెబుతారు? తొలి టన్నుల తక్కువ నష్టం ఆఖరి టన్నుల ఎక్కువ నష్టాన్ని దాచేస్తుంది, ఫ్యాక్టరీ 4,375 టన్నుల దగ్గర హాయిగా ఆగుతుంది. అక్కడ ఆఖరి టన్ను విలువ 4,250. దుమ్ముతో కలిపి దాని ఖర్చు 4,500 దాటుతుంది.

పన్ను ఏదైనా సరే, సిమెంటు టన్ను మీదే వేయండి, దుమ్ము మీద మాత్రం వద్దు. దుమ్ము కిలో లెక్కన వేస్తే చిమ్నీకి మీటరు కావాలి, అది పనిచేస్తోందో లేదో చూసే మనిషి కావాలి. అంతకన్నా ప్రమాదం ఇంకోటి: బ్యాగ్ ఫిల్టర్ సంచి చిరిగితే ఆ రాత్రే మార్చుకోవడం యాజమాన్యానికి లాభం అయిపోతుంది. టన్ను పన్నులో ఆ బెడద లేదు. సంచి చిరిగినా అదే పన్ను, కొత్తది వేసినా అదే పన్ను. ఆకుల మీద పెచ్చు తగ్గించే చవకైన దారి ఫిల్టర్ అయినా, ఉత్పత్తి తగ్గించడమే మిగులుతుంది.

ఆఖరుగా, వసూలైన డబ్బు ఎక్కడికి పోవాలో ముందే తేల్చకండి. బొగ్గు మీద 2010లో టన్నుకు 50 రూపాయల సెస్సు శుద్ధ ఇంధనం పేరుతో మొదలైంది, 2016కి 400 అయింది, 2017లో జీఎస్టీ పరిహారం సెస్సుగా మారి రాష్ట్రాల ఆదాయ లోటు పూడ్చే పద్దులో చేరింది, 2025 సెప్టెంబరులో ఎత్తేశారు. ఎక్కడ తవ్వినా, ఎక్కడ కాల్చినా, ఎవరి పొలం మీద ఎంత పడినా అదే రేటు. మీ కమిటీ నివేదికకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు, అనుబంధంగా జత చేయండి.