లేటు రైలు లెక్కను చెడగొట్టడం ఎలా?

ఒక రైలు తన మామూలు వేగంలో నాలుగింట మూడు వంతులతో నడిచి 20 నిమిషాలు ఆలస్యంగా చేరింది. మామూలుగా ఎంతసేపు పడుతుంది? తరాలుగా పిల్లల్ని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టిన లెక్క ఇది. రెండు వరుసల్లో తేల్చేస్తే పరీక్ష హాల్లో మిగతా టైమంతా ఏం చేస్తారు? కాబట్టి కింది పద్ధతి పాటించండి.

ముందుగా దూరం d, వేగం s, కాలం t అనుకోండి. అడిగింది కాలమొక్కటే అయినా మూడింటికీ బారసాల చేయాలి. పేజీ నిండుతుంది.

తర్వాత అసలు మెట్టు. వేగం పావు వంతు తగ్గింది కదా, కాలం కూడా పావు వంతే పెరిగిందని ధైర్యంగా రాసేయండి. పావు వంతు 20 నిమిషాలైతే మొత్తం 80. ఆప్షన్లలో 80 ఉండనే ఉంటుంది. పేపరు తయారుచేసినాయన మిమ్మల్ని దృష్టిలో పెట్టుకునే దాన్ని అక్కడ వేశాడు. పొరపాటున కూడా సరిచూడకండి. చూస్తే, 80 నిమిషాల దారికి ఆ తగ్గిన వేగంతో 106 నిమిషాల 40 సెకన్లు పడుతుందని, అంటే లేటు 20 కాదు, 26 నిమిషాల పైమాటేనని బయటపడుతుంది. మనశ్శాంతి పోతుంది.

వెనక బెంచీలో ఒకడుంటాడు, వాడి పద్ధతి చూడకండి. దూరం మారలేదు కాబట్టి వేగాలు 4కు 3గా ఉంటే కాలాలు 3కు 4గా ఉంటాయంటాడు. మూడు భాగాల్లో చేరాల్సిన బండికి నాలుగు భాగాలు పట్టింది. ఎక్కువైన ఆ ఒక్క భాగమే 20 నిమిషాలు. మామూలు కాలం మూడు భాగాలు, అంటే 60 నిమిషాలు. వేగం పావు తగ్గితే కాలం పెరిగేది మూడో వంతు. ఇంతే చెప్పి పెన్ను మూసేస్తాడు.

ఇక్కడే దూరం కూడా కనిపెట్టి మాస్టారిని ఆశ్చర్యపరచండి. లెక్కలో ఎక్కడా కిలోమీటరు అన్న మాటే లేదన్నది మీకు అడ్డు కాకూడదు.

కిలోమీటర్లు కావాలంటే ఇంజన్ చెడిపోవాలి. బయల్దేరిన గంటకు లోపం వచ్చి, అక్కణ్ణుంచి నాలుగింట మూడు వంతుల వేగంతో నడిచి బండి 40 నిమిషాలు లేటైంది. అదే లోపం ఇంకో 30 కిలోమీటర్లు పోయాక వచ్చుంటే లేటు 30 నిమిషాలే అయ్యేది. మొత్తం దూరమెంత? 40ని మూడుతో గుణించి, వచ్చిన 120 నిమిషాలే మొత్తం ప్రయాణం అనేయండి. లోపం రాకముందు సజావుగా నడిచిన గంటను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

వెనక బెంచీవాడు గుర్తుపెట్టుకుంటాడు. ఆ 120 నిమిషాలు మిగిలిన దారికే అంటాడు. 30 కిలోమీటర్లు మామూలు వేగంతో పోయినందుకు లేటు 10 నిమిషాలు తగ్గింది. ఆ 10 ఒక భాగమైతే, ఆ ముక్కకు మామూలుగా పట్టేది మూడు భాగాలు, 30 నిమిషాలు. అరగంటకు 30 కిలోమీటర్లంటే గంటకు 60. గంటా, రెండు గంటలూ కలిపి మూడు గంటలు, 180 కిలోమీటర్లు. పైగా సరిచూస్తాడు కూడా: మిగిలిన 120 కిలోమీటర్లు 45 వేగంతో 160 నిమిషాలు, లేటు 40.

లెక్కలో ‘రిపేరుకు 10 నిమిషాలు ఆగి’ అన్న ముక్క కనిపిస్తే దాటేయండి. దాన్ని పట్టించుకుంటే రెండు లేట్లలోంచీ 10 తీసేయాలి, 30, 20 మిగులుతాయి. తమాషా ఏమిటంటే వాటి తేడా అదే 10 కాబట్టి వేగం 60గానే ఉంటుంది. మిగిలిన దారి మాత్రం 120 నుంచి 90 నిమిషాలకు, మొత్తం దూరం 180 నుంచి 150 కిలోమీటర్లకు తగ్గిపోతుంది. వేగం సరిగ్గా వచ్చిందన్న సంతోషంలో దూరం తప్పు చేయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మన రైళ్ల అనుభవాన్నీ ఇందులో కలపండి. టైంటేబుల్లో చివరి స్టేషనుకు ముందు కాస్త ఎక్కువ సమయం వేసి ఉంచుతారు, అందుకే దారంతా లేటుగా నడిచిన బండి ఆఖర్న కొంత కోలుకుంటుంది. పుస్తకంలోని రైలుకు ఆ వెసులుబాటు లేదు, మధ్యలో స్టేషన్లూ లేవు, కదిలిన క్షణమే పూర్తి వేగం.

ఆఖరుగా, వేగం వంతుల్లో కాక ‘గంటకు 10 కి.మీ. తగ్గింది, 180 కి.మీ. దారిలో 36 నిమిషాలు లేటు’ అన్నప్పుడు కూడా ఆ భాగాల పద్ధతినే పట్టుకు వేలాడండి. 10 అన్నది ఎంతలో ఎన్నో వంతో తెలియదు గనుక అది కదలదు. దిక్కులేక `180/(x-10) - 180/x = 3/5` అని రాస్తే `x² - 10x - 3000 = 0` వస్తుంది, x కు 60, -50 దొరుకుతాయి. రెండూ రాసేయండి. రెండోది ఎందుకని మాస్టారు అడిగితే, అది తిరుగు బండి అని చెప్పండి.